బంగారు రేకులో 47 శాతం ఎక్కువ: ఒక చర్యా రేటు లెక్క కథ

విశాఖపట్నంలో మా ల్యాబ్‌లో ఒక నీళ్ళ తొట్టె ఉంది. దాని నడిమధ్య స్టీలు గొట్టంలో 5 క్యూరీల అమెరీషియం-బెరీలియం సోర్స్ ఉంటుంది. అమెరీషియం ఆల్ఫా కణాలను వదులుతుంది, అవి బెరీలియం కేంద్రకాలను తాకితే న్యూట్రాన్లు పుడతాయి. మొత్తం మీద సెకనుకి కోటి పైచిలుకు వస్తాయి. నీటిలోని హైడ్రోజన్‌తో ఢీకొని ఢీకొని వేగం తగ్గి, చివరికి నీటి వేడికి సమానమైన శక్తికి వస్తాయి. అలా నెమ్మదించినవే థర్మల్ న్యూట్రాన్లు.

భీమిలి తీరపు నల్ల ఇసుకలో ఇల్మెనైట్ ఉంటుంది, అందులో కొంత మాంగనీసు ఉంటుంది. ఆ మాంగనీసు ఎంతో న్యూట్రాన్లతో కొలవాలన్నది మా ప్రాజెక్టు. ఇసుకను తొట్టెలో పెట్టే ముందు అక్కడ ఎన్ని న్యూట్రాన్లున్నాయో తెలియాలి. పాత లాగ్‌బుక్‌లో, సోర్స్‌కి 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న స్థానం ఎదురుగా ఒక్క ముక్క రాసి ఉంది: థర్మల్ ఫ్లక్స్ 2.0 × 10⁴. అంటే చదరపు సెంటీమీటరుకి సెకనుకి 20 వేల న్యూట్రాన్లు. ఆ అంకెను బంగారంతో సరిచూడమని ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయికి పని అప్పగించాను. వారం రోజుల్లో అయిపోతుందనుకున్నాం. నెలన్నర పట్టింది.

రేకు ఎలా వచ్చింది

బంగారానికి సహజంగా ఉన్న ఐసోటోపు ఒక్కటే, గోల్డ్-197. న్యూట్రాన్‌ను పట్టుకుంటే అది గోల్డ్-198 అవుతుంది. దాని అర్ధాయువు 2.695 రోజులు. అది క్షీణించేటప్పుడు 411.8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం వస్తుంది, వంద క్షయాల్లో సుమారు 95.6 సార్లు. కొలతకి ఇంతకంటే అనుకూలమైన లోహం దొరకడం కష్టం.

ఆ అమ్మాయి మావయ్యకి వన్‌టౌన్ కురుపాం మార్కెట్‌లో బంగారం పని. మేలిమి బంగారాన్ని రోలింగ్ మిషన్‌లో పల్చగా సాగదీసి, సెంటీమీటరుకి సెంటీమీటరు బిళ్ళలుగా కత్తిరించి ఇచ్చాడు. మొదట నగల బంగారంతోనే చేద్దామనుకున్నారు, నేనే వద్దన్నాను. 22 క్యారెట్లలో బంగారం 91.6 శాతమే. మిగతా రాగి, వెండి లెక్కలోకి రాకపోతే మొదటి అడుగులోనే ఎనిమిది శాతం తప్పు పోతుంది.

దుకాణంలో మైక్రోమీటరుతో చూస్తే మందం 0.06 మిల్లీమీటరు అని వచ్చిందట. మా త్రాసులో ఒక బిళ్ళ 96.5 మిల్లీగ్రాములు తూగింది. బంగారం సాంద్రత 19.3, బిళ్ళ వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు కాబట్టి మందం 0.05 మిల్లీమీటరే. పల్చటి రేకు దగ్గర మైక్రోమీటరును నమ్మకూడదు. రేకులో చిన్న వంపు ఉన్నా మందం ఎక్కువ చూపిస్తుంది. బరువు అలా మోసం చెయ్యదు. పైగా మనకి కావాల్సింది పరమాణువుల సంఖ్య, అది నేరుగా బరువు నుంచే వస్తుంది.

మొదటి లెక్క, నాలుగు సున్నాలు

సూత్రం చూడ్డానికి చిన్నది:

R = φ N σ

N అంటే రేకులో ఉన్న బంగారు కేంద్రకాల సంఖ్య. σ అంటే ఒక్కో కేంద్రకం క్రాస్ సెక్షన్. φ అంటే ఫ్లక్స్. ఈ మూడూ గుణిస్తే సెకనుకి ఎన్ని చర్యలు జరుగుతాయో, అంటే ఎన్ని కేంద్రకాలు న్యూట్రాన్‌ను పట్టుకుంటాయో వస్తుంది.

ఫ్లక్స్ అన్న మాట దగ్గర చాలామంది తడబడతారు. ఒక చదరపు సెంటీమీటరు కిటికీ గుండా ఒకే దిక్కున దూరే న్యూట్రాన్లు అని ఊహించుకుంటారు. తొట్టెలో న్యూట్రాన్లు అన్ని దిక్కులా తిరుగుతుంటాయి, కిటికీ ఎటు తిప్పి పెట్టాలి? ఒక ఘన సెంటీమీటరు చోటులో ఉన్న న్యూట్రాన్లన్నీ కలిసి ఒక సెకనులో నడిచిన మొత్తం దూరమే ఫ్లక్స్ అనుకుంటే ఈ చిక్కు ఉండదు. మా దగ్గర అది 20 వేల సెంటీమీటర్లు. ఇక బంగారంలో ఒక సెంటీమీటరు నడిస్తే దొరికిపోయే అవకాశం ఎంతో తెలిస్తే చాలు, రెండూ గుణించడమే.

ఆ అవకాశాన్ని చెప్పేదే క్రాస్ సెక్షన్. దాని కొలత బార్న్. ఒక బార్న్ అంటే 10⁻²⁴ చదరపు సెంటీమీటర్లు. 1942 డిసెంబరులో పర్డ్యూ యూనివర్సిటీలో మార్షల్ హాలోవే, చార్లెస్ బేకర్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు ఈ పేరు పెట్టారు. బార్న్ అంటే రైతులు ధాన్యం, గడ్డి దాచుకునే కొట్టం. కేంద్రకాల లెక్కలో 10⁻²⁴ చదరపు సెంటీమీటర్లంటే కొట్టమంత పెద్దదన్నది వాళ్ళ భావం. యుద్ధకాలపు రహస్య పరిశోధనలో రోజూ వాడుకోవడానికి పొట్టి మాట ఒకటి కావాల్సి వచ్చింది, అదే నిలిచిపోయింది.

థర్మల్ న్యూట్రాన్లకి బంగారం క్రాస్ సెక్షన్ 98.7 బార్న్‌లు. ఆ అమ్మాయి తెచ్చిన మొదటి జవాబు సెకనుకి 0.058 చర్యలు.

"సార్, ఇంత తక్కువైతే డిటెక్టర్‌లో ఏమైనా కనిపిస్తుందా?" అంది.

"కనిపించదమ్మా. కానీ ఒక పక్క అంకెలు కాకుండా యూనిట్లు మాత్రమే రాసి చూడు" అన్నాను.

రాసింది. ఫ్లక్స్ చదరపు సెంటీమీటర్లలో ఉంది. బార్న్‌ను మాత్రం ఒక పాఠ్యపుస్తకం నుంచి 10⁻²⁸ అని తీసుకుంది. అది చదరపు మీటర్లలో చెప్పే విలువ. పుస్తకం తప్పు కాదు, రెండు కొలమానాలు ఒకే వరుసలో కలిసిపోయాయి. సరిగ్గా పదివేల రెట్లు తేడా వచ్చిందంటే ముందు ఇక్కడే వెతకాలి. సరిచేసిన లెక్క ఇది:

```python
N = 0.0965 / 196.97 * 6.022e23
sigma = 98.7e-24
phi = 2.0e4
print(N, N * sigma * phi)
```

N విలువ 2.95 × 10²⁰. చర్యా రేటు సెకనుకి 582.

ఇదే లెక్కను సాంద్రత వైపు నుంచి కూడా చెయ్యొచ్చు. ఘన సెంటీమీటరు బంగారంలో 5.90 × 10²² కేంద్రకాలుంటాయి. దాన్ని 98.7 బార్న్‌లతో గుణిస్తే సెంటీమీటరుకి 5.82 వస్తుంది. దీన్నే మాక్రోస్కోపిక్ క్రాస్ సెక్షన్ అంటారు. తలకిందులు చేస్తే 0.17 సెంటీమీటరు. అంటే థర్మల్ న్యూట్రాన్ ముద్ద బంగారంలో సగటున 1.7 మిల్లీమీటర్లు నడిచాక దొరికిపోతుంది. మా రేకు మందం 0.05 మిల్లీమీటరే కాబట్టి చాలావరకు న్యూట్రాన్లు దాటి పోతాయి, నూటికి మూడో ఆరో చిక్కుతాయి. ఈ 1.7 మిల్లీమీటర్లను గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి రావాలి.

కొలిస్తే వచ్చింది

రేకును 72 గంటలు తొట్టెలో ఉంచాం. మూడు రోజులు ఉంచినా గోల్డ్-198 పూర్తిగా నిండదు. పుట్టేదానిలో కొంత అప్పుడే క్షీణిస్తూ ఉంటుంది. 2.695 రోజుల అర్ధాయువుకి 72 గంటల్లో చేరేది గరిష్ఠంలో 53.8 శాతం. తీశాక రెండు గంటలకి జెర్మేనియం డిటెక్టర్ మీద పెట్టి నాలుగు గంటలు లెక్కపెట్టాం. తీశాక ఆగిన రెండు గంటల్లో తగ్గినది 2.1 శాతం, లెక్కపెడుతున్న నాలుగు గంటల్లో తగ్గుదలకి సగటు సవరణ మరో 2.1 శాతం. ఆ దూరంలో 411.8 దగ్గర మా డిటెక్టర్ సామర్థ్యం 3.0 శాతం.

బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక ఆ 411.8 గామా కిరణాల శిఖరంలో 1,82,100 కౌంట్లు మిగిలాయి. వెనక్కి లెక్క కడితే:

R = 182100 / (0.030 × 0.956 × 14400 × 0.979 × 0.979 × 0.5377) = 856

ఊహించింది 582. వచ్చింది 856. అంటే 47 శాతం ఎక్కువ.

లక్షా ఎనభై వేల కౌంట్లలో గణాంకపు అనిశ్చితి పావు శాతం కూడా ఉండదు. అదృష్టం మీదికి నెట్టెయ్యడానికి లేదు. డిటెక్టర్ సామర్థ్యం తప్పేమోనని సీజియం, బేరియం సోర్స్‌లతో మళ్ళీ సరిచూసింది. మూడు నాలుగు శాతం లోపు కుదిరింది. రేకును మళ్ళీ తూచింది. గడియారం టైములు చూసింది. అన్నీ సరిగానే ఉన్నాయి. సెమినార్ తేదీ దగ్గరపడుతోంది, ఆమెకి టెన్షన్ మొదలైంది.

తర్వాత ఒకరోజు 0.886 అన్న గుణకం పట్టుకొచ్చింది. పుస్తకాల్లో ఇచ్చే 98.7 బార్న్‌లు సెకనుకి 2200 మీటర్ల వేగంతో పోయే న్యూట్రాన్లకి. తొట్టెలో అందరికీ ఒకే వేగం ఉండదు. వేడికి తగ్గట్టు కొందరు నెమ్మదిగా, కొందరు వేగంగా పోతుంటారు. ఆ పంపకం మీద సగటు తీస్తే క్రాస్ సెక్షన్ 0.886 రెట్లకి తగ్గుతుంది. ఆ మాట నిజమే. కానీ దాంతో గుణిస్తే ఊహ 582 నుంచి 516కి పడిపోయింది, తేడా ఇంకా పెరిగింది.

నాకు దారి కనిపించింది ఇక్కడే. మాకు తెలిసిన దిద్దుబాట్లన్నీ రాసుకున్నాం: వేగాల సగటు, రేకు తన లోపలి పొరలకి తనే అడ్డు రావడం, రేకు వల్ల చుట్టుపక్కల నీటిలో న్యూట్రాన్లు కాస్త తగ్గడం. ఇవన్నీ ఊహను కిందికే దించుతాయి. కొలత మాత్రం పైన ఉంది. కిందికి లాగేవి ఎన్ని కలిపినా పైకి పోయిన తేడాని పూడ్చలేవు. కాబట్టి గుణకాల్లో వెతకడం మానేసి, లెక్కలోకే రాని న్యూట్రాన్లు రేకును తాకుతున్నాయేమో చూడాలి.

కాడ్మియం పెట్టె

98.7 బార్న్‌లు బంగారం క్రాస్ సెక్షన్ అని చెప్పడం అలవాటైపోయింది కానీ, అది ఒక్క శక్తి దగ్గర, 0.0253 ఎలక్ట్రాన్ వోల్టు దగ్గర, ఉండే విలువ. శక్తి పెరిగేకొద్దీ కొంతదూరం అది మెల్లగా తగ్గుతుంది. వేగం రెట్టింపైతే క్రాస్ సెక్షన్ సగమవుతుంది. తర్వాత 4.9 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉన్నట్టుండి కొండలా లేస్తుంది, పాతిక వేల బార్న్‌లు దాటుతుంది. అదే రెజొనెన్స్. ఆ శక్తితో వచ్చిన న్యూట్రాన్ కలిస్తే గోల్డ్-198 కేంద్రకంలో ఒక శక్తి స్థాయికి సరిగ్గా సరిపోతుంది, అందుకే అంత సులువుగా పట్టుబడుతుంది.

బంగారు కేంద్రకం అసలు ఎంత పెద్దదని చూస్తే, దాని అడ్డం వైశాల్యం ఒకటిన్నర బార్న్ మాత్రమే. థర్మల్ న్యూట్రాన్‌కి అది అరవై రెట్లు పెద్దదిగా, 4.9 దగ్గర పదహారు వేల రెట్లకు పైగా పెద్దదిగా కనిపిస్తోంది. న్యూట్రాన్‌ను చిన్న గోలీలా ఊహించుకుంటే ఇది అర్థం కాదు. నెమ్మదిగా పోయే న్యూట్రాన్ ఒక తరంగం. థర్మల్ శక్తి దగ్గర దాని తరంగదైర్ఘ్యం 1.8 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఇంచుమించు ఒక పరమాణువంత. కేంద్రకం పక్కనుంచి దూరంగా పోతున్నా తరంగం దాన్ని తాకుతూనే ఉంటుంది. అందుకే బార్న్‌ల సంఖ్యను కేంద్రకం సైజుగా చదవకూడదు. అది చర్య జరిగే అవకాశాన్ని వైశాల్యం భాషలో చెప్పే పద్ధతి.

సోర్స్‌కి 5 సెంటీమీటర్ల దూరంలో ఇంకా పూర్తిగా నెమ్మదించని న్యూట్రాన్లు బోలెడు ఉంటాయి. వాటిలో 4.9 మీదుగా దిగివచ్చేవి బంగారానికి చిక్కుతాయి. వాటిని విడదీసి చూడాలంటే థర్మల్ న్యూట్రాన్లను ఆపేసి మిగతావాటిని మాత్రమే రానివ్వాలి. కాడ్మియం సరిగ్గా ఆ పని చేస్తుంది. థర్మల్ న్యూట్రాన్లకి దాని క్రాస్ సెక్షన్ దాదాపు 2,500 బార్న్‌లు. ఒక మిల్లీమీటరు మందపు రేకులోంచి నిటారుగా వచ్చిన థర్మల్ న్యూట్రాన్లలో లక్షకి ఒకటి కూడా బయటపడదు. అర ఎలక్ట్రాన్ వోల్టు దాటిన వాటికి మాత్రం అదే రేకు దాదాపు లేనట్టే.

ఒక మిల్లీమీటరు కాడ్మియం రేకుతో చిన్న పెట్టె చేసి, మూతతో సహా, అందులో అంతే బరువున్న ఇంకో బంగారు బిళ్ళ పెట్టాం. అదే చోటు, అదే 72 గంటలు, అదే రెండు గంటల విరామం, అదే నాలుగు గంటల లెక్క. మూత అంచుల దగ్గర సందు లేకుండా చూడటమే ఇందులో అసలు మెళకువ. అక్కడ కొద్దిపాటి ఖాళీ ఉన్నా థర్మల్ న్యూట్రాన్లు దూరి మొత్తం పాడు చేస్తాయి. కాడ్మియం విషం, కత్తిరించేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి, రాపిడి దుమ్ము పీల్చకూడదు.

70,200 కౌంట్లు వచ్చాయి. అంటే సెకనుకి 330 చర్యలు. థర్మల్ న్యూట్రాన్లు లేకుండానే 330!

856 లోంచి 330 తీసేస్తే 526. ఇవీ థర్మల్ న్యూట్రాన్ల వల్ల జరిగిన చర్యలు. 856ని 330తో భాగిస్తే 2.6. దీన్ని కాడ్మియం నిష్పత్తి అంటారు. ఇది ఎంత పెద్దదైతే ఆ చోట న్యూట్రాన్లు అంత బాగా నెమ్మదించినట్టు. 2.6 అంటే బంగారంలో జరిగే ప్రతి అయిదు చర్యల్లో ఇంచుమించు రెండు థర్మల్ కానివే. కొత్త చోట కొలిచే ప్రతివారూ మొదట ఈ నిష్పత్తి తీయాలని నా అభిప్రాయం. అది తెలియకుండా ఒక్క క్రాస్ సెక్షన్‌తో గుణించి ఇచ్చిన ఫ్లక్స్ అంకెను నేను నమ్మను.

ఇంకో వైపు తేడా

ఇప్పుడు 526, ఊహ 582. ఈసారి కొలత పది శాతం తక్కువ. కిందికి లాగే దిద్దుబాట్లు ఇప్పుడు పనికొచ్చాయి.

మొదటిది రేకు సొంత నీడ. రేకు మందానికి 5.82ని గుణిస్తే 0.029. నిటారుగా వచ్చే న్యూట్రాన్ నూటికి మూడు వంతులే చిక్కుతుంది, సగటున నీడ ఒకటిన్నర శాతమే అనుకుంటాం. కానీ తొట్టెలో న్యూట్రాన్లు అన్ని వైపుల నుంచీ వస్తాయి. ఏటవాలుగా వచ్చినవి రేకులో చాలా దూరం నడుస్తాయి. అన్ని దిక్కుల మీదా సగటు తీస్తే నీడ సుమారు 6 శాతం అవుతుంది. 582 ఇప్పుడు 547 అయింది. 526కి, దీనికి మధ్య తేడా 4 శాతం. డిటెక్టర్ సామర్థ్యంలో ఉన్న అనిశ్చితి ఒక్కటే మూడు నాలుగు శాతం కాబట్టి ఇంతకంటే దగ్గరగా చెప్పే హక్కు మాకు లేదు.

మరి 0.886 సంగతి? దాన్ని కూడా గుణిస్తే 485 వస్తుంది, ఈసారి ఊహ కొలత కంటే ఎనిమిది శాతం కింద పడుతుంది. వాడాలా వద్దా అన్నది బంగారంలో లేదు, లాగ్‌బుక్‌లోని ఆ 2.0 × 10⁴ ఏ రకం ఫ్లక్స్ అన్న దాంట్లో ఉంది. పేజీ మీద అది రాసి లేదు. పాత పేజీలన్నీ తిరగేస్తే రెండు పేజీల వెనక అసలు లెక్క దొరికింది. మాంగనీసు నమూనాను కాడ్మియంతో ఒకసారి, లేకుండా ఒకసారి కొలిచి, ఆ తేడాను నేరుగా 13.3 బార్న్‌లతో భాగించారు. 13.3 అనేది మాంగనీసుకి 2200 మీటర్ల వేగం దగ్గర విలువ.

అంటే వాళ్ళు రాసింది న్యూట్రాన్లు నిజంగా నడిచిన దూరం కాదు. అక్కడున్న న్యూట్రాన్లన్నీ సెకనుకి 2200 మీటర్ల వేగంతో పోతున్నాయని అనుకుంటే వచ్చే ఫ్లక్స్. ఈ పద్ధతిలో ఒక మంచి సౌలభ్యం ఉంది. థర్మల్ ప్రాంతంలో మాంగనీసుకీ బంగారానికీ వేగం పెరిగితే అదే నిష్పత్తిలో క్రాస్ సెక్షన్ తగ్గుతుంది. వేగాన్నీ క్రాస్ సెక్షన్‌నూ గుణిస్తే ఎప్పుడూ ఒకటే సంఖ్య. కాబట్టి చర్యా రేటు న్యూట్రాన్ల సాంద్రత మీదే ఆధారపడుతుంది, వాటి వేగాల పంపకం మీద కాదు. మే నెలలో మా తొట్టె నీళ్ళు 31 డిగ్రీలకి చేరతాయి, జనవరిలో బాగా దిగుతాయి. ఈ ఫ్లక్స్‌నీ, 2200 మీటర్ల క్రాస్ సెక్షన్‌నీ జంటగా వాడినంతకాలం ఆ ఉష్ణోగ్రత తేడాకి దిద్దుబాటు అక్కర్లేదు. నిజమైన సగటు ఫ్లక్స్ వాడితేనే 0.886 కావాలి, అప్పుడు నీటి వేడికి ఇంకో గుణకం కూడా కావాలి. 31 డిగ్రీలకి రెండూ కలిపి 0.871. ఒకదాని ఫ్లక్స్, ఇంకోదాని క్రాస్ సెక్షన్ కలిపితే పన్నెండు, పదమూడు శాతం తప్పు వస్తుంది. అదెక్కడా ఎర్రర్‌గా కనిపించదు, అదే దాని ప్రమాదం.

రేకు లోపలి చీకటి

ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. 330 చర్యల నుంచి వేగపు న్యూట్రాన్ల ఫ్లక్స్ కూడా తీసేస్తానంది. పట్టికల్లో బంగారానికి రెజొనెన్స్ ఇంటెగ్రల్, అంటే థర్మల్‌కి పైనున్న శక్తులన్నిటి మీదా క్రాస్ సెక్షన్‌ను కూడి చెప్పే విలువ, 1550 బార్న్‌లు అని ఉంటుంది, దాంతో భాగిస్తే సరిపోతుంది కదా అని. సరిపోదు. ఆ 1550 అతి పల్చటి బంగారానికి చెప్పింది.

ఇందాకటి 1.7 మిల్లీమీటర్ల లెక్కను 4.9 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర మళ్ళీ చెయ్యండి. 98.7కి బదులు పాతిక వేల పైచిలుకు బార్న్‌లు పెడితే సగటు నడక దూరం ఆరేడు మైక్రాన్లు. మా రేకు 50 మైక్రాన్లు. ఆ న్యూట్రాన్లకి మా రేకు పల్చటిది కాదు, గోడ. పై పొరల్లోనే అన్నీ దొరికిపోతాయి, మధ్యలోని బంగారానికి ఆ శక్తి న్యూట్రాన్లు అందనే అందవు. అందువల్ల 330ని 1550తో భాగించి తీసిన ఫ్లక్స్ నిజమైన దానికంటే చాలా తక్కువగా వస్తుంది.

దీన్ని కళ్ళతో చూడాలని మూడు బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పేర్చి కాడ్మియం పెట్టెలో పెట్టాం. మూడూ ఒకే బరువు. తీశాక విడివిడిగా లెక్కపెడితే మధ్య బిళ్ళలో వచ్చింది బయటి బిళ్ళల్లో దానికి 60 శాతం మాత్రమే. మూడింటి మధ్యా దూరం వెంట్రుక మందం కూడా లేదు. చుట్టూ అదే ఫ్లక్స్, అదే లోహం, అదే సమయం. ఆ అమ్మాయి కౌంట్లు రెండోసారి తీసి, బిళ్ళల మీద గీసిన గుర్తులు తారుమారు కాలేదని చూసుకుని గానీ నమ్మలేదు. నేను మొదటిసారి చూసినప్పుడూ అంతే.

రెజొనెన్స్ దగ్గర కచ్చితమైన ఫ్లక్స్ కావాలంటే రెండే దారులు. ఒకటి, ఒక మైక్రాన్ కంటే పల్చటి పూత, లేదా అల్యూమినియంలో అతి కొద్దిగా బంగారం కలిపిన తీగ వాడటం. రెండోది, మందానికి తగ్గ నీడ గుణకాన్ని విడిగా లెక్కగట్టడం. మాకు మాంగనీసు కోసం కావాల్సింది థర్మల్ భాగమే కాబట్టి, కాడ్మియం తీసివేతలో ఈ చిక్కు దానంతట అదే కొట్టుకుపోయింది. రెండు బిళ్ళలూ ఒకే మందం కనుక రెంటిలోనూ ఒకే నీడ. మందాలు వేరైతే మాత్రం ఈ తీసివేత చెల్లదు, చాలాచోట్ల జరిగే పొరపాటు ఇదే. కాడ్మియం కూడా 4.9 దగ్గర కొద్దిగా మింగుతుంది కాబట్టి 330 అసలు ఒకటి రెండు శాతం ఎక్కువ ఉండాలి. దానివల్ల 526 మూడు నుంచి ఏడు వరకు తగ్గొచ్చు, మా అనిశ్చితిలో అది కలిసిపోతుంది.

లాగ్‌బుక్‌లో ఆ స్థానం ఎదురుగా కొత్తగా రాసింది ఇది: 2200 మీటర్ల పద్ధతి ఫ్లక్స్ 1.9 × 10⁴, అనిశ్చితి 5 శాతం, 50 మైక్రాన్ల బంగారంతో కాడ్మియం నిష్పత్తి 2.6, కాడ్మియం మందం ఒక మిల్లీమీటరు, నీటి ఉష్ణోగ్రత 31 డిగ్రీలు. పాత 2.0ని కొట్టెయ్యలేదు, పక్కన అది ఎలా వచ్చిందో పేజీ నంబరు వేశాం.

ఆ తర్వాత ఇసుక పెట్టాం. మాంగనీసుకి రెజొనెన్స్‌లు ఉన్నా దాని రెజొనెన్స్ ఇంటెగ్రల్ కూడా పద్నాలుగు బార్న్‌ల దరిదాపుల్లోనే ఉంటుంది, థర్మల్ విలువ 13.3కి సమానంగా. బంగారంలో లాగా వేగపు న్యూట్రాన్లు లెక్కను ముంచెయ్యవు. కొత్త ఫ్లక్స్‌తో ఒక మిల్లీగ్రాము మాంగనీసులో సెకనుకి 2.8 చర్యలు. మాంగనీసు-56 అర్ధాయువు 2.58 గంటలే కాబట్టి ఉదయం పెట్టి సాయంత్రం తీస్తే చాలు, తొంభై శాతం నిండిపోతుంది. కాడ్మియంతో ఒకసారి, లేకుండా ఒకసారి, రెండు పొట్లాలూ ఒకే బరువుతో.